తోటి వ్యాపారి స్టాల్‌కి వెళ్తున్నారా?

నుమాయిష్ 1938 నుంచి హైదరాబాద్‌లో జరుగుతోంది. అలాంటి పెద్ద ఎగ్జిబిషన్‌లో అయినా, జిల్లా స్థాయి మేళాలో అయినా కొత్త సరుకుతో తొలిసారి స్టాల్ పెట్టిన వాళ్లకి మొదటి రెండు రోజులూ కంగారే. తోటి వ్యాపారులు వస్తారు, ఫొటో దిగుతారు, "ఆల్ ది బెస్ట్ అక్కా" అని వెళ్లిపోతారు. అంతకంటే పనికొచ్చే అభినందన ఒకటుంది.

పొదుపు సంఘంలోని ఒక అక్క జొన్న మురుకులు పెట్టిందనుకుందాం. సాయంత్రం రద్దీలో వెళ్లొద్దు, అది ఆమెకి బేరాల వేళ. మధ్యాహ్నం వెళ్లి, ఒక ప్యాకెట్ పూర్తి ధరకి కొనండి. ఊరికే ఇస్తానన్నా తీసుకోవద్దు. తిన్నాక "బాగున్నాయి" అని వదిలేయకుండా ఏది బాగుందో చెప్పండి: "వాము సరిగ్గా పడింది, నూనె చేతికి అంటలేదు." రేపు కొనేవాళ్లకి ఆమె చెప్పుకోవడానికి ఆ మాటే పనికొస్తుంది.

తర్వాత కాసేపు పక్కన నిలబడి జనాన్ని చూడండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి ఇది చూసే తీరిక ఉండదు. జనం ఆగకుండానే పోతున్నారంటే బోర్డు మీద ఏం అమ్ముతున్నారో దూరానికి కనిపించడం లేదన్నమాట. రుచి చూసి, ప్యాకెట్ తిప్పి, ధర చూసి పెట్టేస్తుంటే రుచిలో లోపం లేదు. తెలియని సరుకు మీద ఒకేసారి 90 రూపాయలు పెట్టడానికి వెనకాడుతున్నారు. 200 గ్రాముల ప్యాకెట్ పక్కనే 50 గ్రాములది 25 రూపాయలకి పెట్టమనండి. చిన్న ప్యాకెట్‌లో మిగులు తక్కువే, కానీ ఇంటికెళ్లి తిన్నవాళ్లలో కొందరు మళ్లీ వస్తారు. ప్యాకెట్ మీద ఫోన్ నంబరు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్నాయో లేదో కూడా చూడండి. లేకపోతే పదిమందిలో అనకుండా, పక్కకి పిలిచి చెప్పండి.

మూడో రోజుకి చాలామంది నీరుగారిపోతారు. అప్పుడు లెక్క వేసి చూపించాలి. పది రోజులకి స్టాల్ అద్దె 18,000, పెద్ద ప్యాకెట్ మీద మిగులు 30 రూపాయలు అనుకుంటే, అద్దె తీరడానికే 600 ప్యాకెట్లు పోవాలి. రోజుకి 60. మొదటిసారి అంత అమ్మడం కష్టం. అందుకే ఆ పది రోజుల్ని అమ్మకంతో మాత్రమే కొలవకూడదు. మళ్లీ వెతుక్కుంటూ వచ్చిన వాళ్లెవరు, దుకాణానికి సరుకు వేస్తారా అని అడిగిన వాళ్లెవరు అని ఒక నోట్‌బుక్‌లో పేరు, నంబరు రాయించాలి. నా దృష్టిలో స్టాల్ నుంచి ఇంటికి తెచ్చుకోదగ్గ అసలు ఆస్తి ఆ నోట్‌బుక్కే.

మేళా ముగిసిన వారానికి మీరే ఫోన్ చేయండి. "ఆ నంబర్లకి చేశావా అక్కా?" అని అడగండి. చేయలేదంటే, మీకు తెలిసిన కిరాణా షాపు ఒకదానికి ఆమెని వెంటబెట్టుకుని వెళ్లండి.