బినైన్ అంటే గడ్డేనా?

తెల్లవారుజామున మంచం మీద కుడిపక్కకు ఒత్తిగిల్లగానే మా పెద్దమ్మకు గదంతా గిర్రున తిరిగింది. అర నిమిషంలో సర్దుకుంది. మళ్ళీ అటు తిరిగితే మళ్ళీ అదే వరస. ఇంట్లో అసలు గాభరా మాత్రం డాక్టరు కాగితం చేతికొచ్చాకే మొదలైంది. 'బినైన్ పెరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో, ఇడియోపతిక్, ప్రోగ్నోసిస్ గుడ్' అని ఉంది అందులో.

"పక్కింటావిడ గడ్డకీ బినైన్ అనే రాశారు కదరా. మెదడులో గడ్డేమో!" అని పెదనాన్న ఫోన్ చేశారు.

గడ్డ రిపోర్టులో బినైన్ అంటే అది క్యాన్సర్ కాదని, ఇతర అవయవాలకు పాకదని. అలాగని హాని ఉండనే ఉండదని కాదు. మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా చాలావరకు బినైనే, కానీ పెరిగితే మెదడును నొక్కుతుంది. పెద్దమ్మ కాగితంలో అసలు గడ్డ ఊసే లేదు. ఈ తల తిరుగుడు ప్రాణం మీదికి తెచ్చే రకం కాదని మాత్రమే అక్కడ ఆ మాటకు అర్థం. ఉన్నట్టుండి వచ్చిపోతుంది కనుక పెరాక్సిస్మల్, తల ఉంచే తీరును బట్టి వస్తుంది కనుక పొజిషనల్.

లోపలి చెవిలో సన్నటి సున్నపు రేణువులుంటాయి. అవి చోటు తప్పి పక్కనున్న వంపు గొట్టాల్లోకి జారితే, తల కదిపినప్పుడల్లా అక్కడి ద్రవాన్ని కదుపుతాయి. తల ఆగినా ఇంకా తిరుగుతున్నట్టే చెవి మెదడుకు కబురు పంపుతుంది.

ఇడియోపతిక్ అంటే జబ్బేమిటో తేలలేదని పెదనాన్న అనుకున్నారు. జబ్బు తేలింది. రేణువులు ఎందుకు జారాయన్నదే తేలలేదు. తలకు దెబ్బ తగిలి ఉంటే అదే కారణమని రాసేవారు. ఈ జబ్బున్న చాలామందికి అలాంటి కారణం దొరకదు, అయినా వైద్యం ఆగదు. డాక్టరు పెద్దమ్మ తలను కుడికి 45 డిగ్రీలు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తలను బల్ల అంచు కిందికి కాస్త వాల్చారు. కనుగుడ్లు అదిరాయి. రోగం ఏ చెవిలో ఉందో చెప్పే గుర్తు అదే. అక్కడి నుంచి తలను ఎడమకు తిప్పి, మనిషిని ఎడమ పక్కకు దొర్లించి, మెల్లగా లేపి కూర్చోబెట్టారు. ఒక్కోచోట తిరుగుడు తగ్గేదాకా ఆగారు. అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతి ఇది.

డయాగ్నసిస్ ఇప్పుడున్నదేమిటో చెబుతుంది, ప్రోగ్నోసిస్ ముందుముందు ఎలా ఉండొచ్చో చెబుతుంది. అది అంచనాయే, హామీ కాదు. 'గుడ్' అని రాసినా ఈ తిరుగుడు కొందరికి మళ్ళీ వస్తుంది, అప్పుడు మళ్ళీ ఎప్లీ చేస్తారు. అదే 'గార్డెడ్' అని ఉంటే, ఎటు పోతుందో ఇప్పుడే గట్టిగా చెప్పలేమని.

ఒక్క హెచ్చరిక. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, తల కదపకపోయినా తిరుగుడు ఆగకపోవడం ఈ జబ్బు లక్షణాలు కావు. పక్షవాతం కావచ్చు, గంటలు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

అంతా విన్నాక పెద్దమ్మకు ఇంకో బెంగ పట్టుకుంది. "ఒక్క మాత్రా రాయలేదేంట్రా?" మాత్రలు వికారాన్ని కాసేపు అణుస్తాయి గానీ, జారిన రేణువుల్ని వెనక్కి నెట్టలేవు.