‘మా ఫైనాన్స్ వాళ్లు పరిశీలిస్తున్నారు’

పటాన్‌చెరు, జీడిమెట్ల, బొల్లారం ప్రాంతాల బల్క్‌డ్రగ్ కంపెనీల్లో కొనుగోళ్లు చూసేవాళ్లకు చైనా మెయిళ్లు చదవడం రోజువారీ పని. మందుల తయారీలో మధ్య దశల్లో వాడే రసాయనాలు, ఈ రంగంలో ఇంటర్మీడియట్లు అంటారు, చాలావరకు అక్కణ్నుంచే రావాలి. ఉత్తరాలు ఇంగ్లిషులో నడుస్తాయి. అటువైపు రాసేవాళ్లకూ ఇటువైపు చదివేవాళ్లకూ అది నేర్చుకున్న భాషే. పదాలకు అర్థం ఇద్దరికీ తెలుసు. ఆ పదాలు ఎందుకు వాడారన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ కంపెనీ ఒకటి, జెజియాంగ్ రాష్ట్రంలోని తైజౌ నుంచి ఒక ఇంటర్మీడియట్ తెప్పించుకుంటోంది. ధర కిలో 42 డాలర్లు. 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం షిప్పింగ్ కాగితాల నకలు అందగానే కట్టాలి. ఈసారి 2 టన్నులకు ఆర్డరు పెడుతూ కంపెనీ మూడు కోరికలు కోరింది. ధర 38కి దించాలి, అడ్వాన్సు లేకుండా 60 రోజుల అప్పు ఇవ్వాలి, సరుకు నెలాఖరులోగా ఓడ ఎక్కాలి. రెండు రోజుల తర్వాత వచ్చిన జవాబు సారాంశం ఇది:

“మీతో మా సహకారాన్ని ఎంతో విలువైనదిగా భావిస్తున్నాం. ముడిసరుకు ధరలు పెరిగినందున 38 మాకు సాధ్యం కాదు. దయచేసి 41.50 పరిశీలించండి. చెల్లింపు షరతుల గురించి మీ సూచనను మా ఫైనాన్స్ విభాగానికి పంపాం, వారు పరిశీలిస్తున్నారు. నెలాఖరుకు పంపడానికి శాయశక్తులా ప్రయత్నిస్తాం.”

ఉద్యోగానికి కొత్త మనిషి దీన్ని చదివి పై అధికారికి ఇలా చెబుతాడు: “ధర కుదరదన్నారండి. అప్పు సంగతి చూస్తున్నారట. సరుకు మాత్రం నెలాఖరుకు వచ్చేస్తుంది.” చాలాకాలంగా ఈ పని చేస్తున్నవాళ్లు దాదాపు తలకిందులుగా చదువుతారు. ధర మీద ఇంకా బేరానికి చోటుంది. అప్పు ఇవ్వరు. సరుకు నెలాఖరుకు రావడం అనుమానమే.

ధర దగ్గర ‘సాధ్యం కాదు’ అని మొహం మీదే చెప్పారు కదా, అది కాదనడం ఎలా అవదు? బేరంలో ‘కుదరదు’ అనడం ఎవరి పరువూ తీయదు. అది ఆటలో భాగం. పైగా ఆ మాట వెంటనే 41.50 అనే అంకె వచ్చింది. అంకె ఇచ్చారంటే మాట ముందుకు సాగాలని కోరుకుంటున్నట్టే. అప్పు గురించిన వాక్యంలో అంకె లేదు, తేదీ లేదు, ఎప్పటికి చెబుతారో లేదు, నిర్ణయించే మనిషి ఎవరో లేదు. ‘60 కాకపోతే 30 రోజులు సరిపోతుందా’ అనే ఎదురు ప్రశ్న కూడా లేదు. చైనా మెయిల్ చదివేటప్పుడు నేను అన్నిటికంటే ముందు వెతికేది ఆ ఎదురు ప్రశ్ననే. ఇవ్వాలనుకున్నవాళ్లకు తెలుసుకోవలసినవి ఉంటాయి, కాబట్టి అడుగుతారు. ఇవ్వదలచుకోనివాళ్లకు అడగవలసిన పని ఉండదు.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. పెళ్లిచూపుల తర్వాత అబ్బాయి తరఫువాళ్లు ‘అమ్మాయి నచ్చలేదు’ అని కబురు పెట్టరు. ‘జాతకాలు కలవలేదండి’ అంటారు. తప్పు నక్షత్రాల మీదికి పోతుంది, రెండిళ్ల మర్యాదా నిలుస్తుంది. ఆ కబురు అందుకున్నవాళ్లు మరో సిద్ధాంతికి చూపిస్తామని వెంటపడరు. చైనా ఉత్తరంలో ఫైనాన్స్ విభాగం ఆ జాతకం చేసే పనే చేస్తోంది.

మరి నిజంగా ఎందుకు కాదన్నారు? ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. చైనా ఎగుమతిదారులు అప్పు మీద సరుకు పంపేటప్పుడు, డబ్బు రాకపోతే నష్టపోకుండా తరచుగా సైనోష్యూర్ దగ్గర బీమా తీసుకుంటారు. ఇది 2001లో ఏర్పడిన ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ. ఫలానా విదేశీ కొనుగోలుదారుకు ఎంతవరకు అప్పు ఇస్తే బీమా వర్తిస్తుందో ఆ సంస్థే పరిమితి కడుతుంది. మన కంపెనీకి ఆ పరిమితి రాకపోయినా, వచ్చింది ఈ ఆర్డరు విలువ 83,000 డాలర్ల కంటే బాగా తక్కువైనా, సరఫరాదారు చేతులు కట్టేసినట్టే. ఆ మాట ఉన్నదున్నట్టు రాస్తే ఏమవుతుంది? ‘మీ కంపెనీ అప్పు తీర్చగలదన్న నమ్మకం మా బీమా సంస్థకు లేదు’ అని చెప్పినట్టవుతుంది. అది మనకు అవమానం. అందుకే ఫైనాన్స్ విభాగాన్ని ముందు నిలబెట్టారు. డొంకతిరుగుడుగా రాస్తున్నారని విసుక్కునే ముందు, ఆ తిరుగుడు ఎవరి పరువు కాపాడటానికో చూడాలి. చాలాసార్లు అది చదువుతున్న మన పరువే.

కారణం తెలియని హైదరాబాద్ కంపెనీ వారం ఆగి రెండో మెయిల్ రాసింది. ‘అవునో కాదో రేపటిలోగా స్పష్టంగా చెప్పండి’ అంటూ, వాళ్ల జనరల్ మేనేజర్‌ను సీసీలో పెట్టింది. మన ఆఫీసుల్లో ఇది మామూలే. పై అధికారి చూస్తే పని కదులుతుందని మన నమ్మకం. అవతల రాసేది తరచుగా చిన్న వయసు సేల్స్ ఉద్యోగి. షరతులు మార్చే అధికారం ఆమెకు లేదు. పెద్దాయన చూస్తుండగా ఆమె పని చేయనట్టు నిలదీశాం. ఆయన కూడా ‘ఇవ్వలేం’ అని రాతపూర్వకంగా చెప్పక తప్పని చోట ఇరుక్కున్నాడు. జవాబు మరింత మర్యాదగా, మరింత పొట్టిగా వచ్చింది: “మీ మెయిల్ అందింది. ఇంకా చర్చిస్తున్నాం. మీ అవగాహనకు ధన్యవాదాలు.” తలుపు మూసేశారన్నమాట. ‘అందింది’ అంటే చదివామనే, ఒప్పుకున్నామని కాదు.

ఈ ఇబ్బందికి మన దేశంలో ఇంకో కారణం కూడా తోడైంది. చైనాలో ఇలాంటి నాజూకు సంగతులు మెయిల్‌లో తేల్చుకోరు, వీచాట్‌లో ఓ చిన్న సందేశంతోనో మాటతోనో ముందే చూచాయగా తెలియజేస్తారు. 2020 జూన్‌లో భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ కూడా ఉంది. మన వాట్సాప్ అక్కడ మామూలుగా తెరుచుకోదు. దాంతో చాటుగా చెప్పుకోవలసినవి కూడా సీసీలతో, రికార్డులో ఉండిపోయే మెయిల్ మీద పడ్డాయి. అందుకని ఇలాంటి చోట మెయిల్ ఆపి ఫోన్ చేయడం మంచిది. రాతలో రానిది మాటలో వస్తుంది.

మూడో మెయిల్ కంపెనీలో ఒక సీనియర్ రాశారు, సీసీలో ఎవరూ లేకుండా. “ప్రస్తుతం 60 రోజుల అప్పు మీకు అనుకూలం కాకపోతే మేం అర్థం చేసుకోగలం. మా బ్యాంకు ద్వారా 60 రోజుల గడువు ఎల్‌సీ అయితే మీకు వీలవుతుందా? లేక ఈ ఆర్డరుకు పాత పద్ధతిలోనే వెళ్లి, తర్వాత మాట్లాడుకుందామా?” ‘కాదు’ అనే మాటను అవతలివాళ్లు పలకనక్కర లేకుండా ఆయనే పలికేశారు. ఎంచుకోవడానికి రెండు దారులు చూపించారు. ఎల్‌సీ అంటే బ్యాంకు పూచీ, కాబట్టి కొనుగోలుదారు పరపతి గురించి బీమా సంస్థను అడగవలసిన అవసరం చాలావరకు తీరిపోతుంది. మర్నాడే జవాబు: ఎల్‌సీ సమ్మతమే, గడువు వడ్డీ కింద కిలోకు అర డాలరు కలుస్తుంది, బ్యాంకు పేరు తెలియజేయండి. అంకె వచ్చింది, ప్రశ్న వచ్చింది. ఇది నిజమైన ఒప్పుకోలు. ఇక్కడి ఎల్‌సీ ఖర్చులు మన నెత్తిన పడతాయి, అది లెక్క చూసుకోవాలి.

ఇక మూడో కోరిక, ‘శాయశక్తులా ప్రయత్నిస్తాం’. తేదీ అడిగితే ఈ మాట వచ్చిందంటే ఉత్పత్తి ఇంకా తేలలేదనుకోవాలి. ‘కచ్చితంగా పంపుతారా’ అని అడిగితే మళ్లీ అదే మాట వస్తుంది. వాస్తవంతో తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న అడగాలి: నింగ్బో రేవులో ఓడ బుకింగ్ అయిందా? కటాఫ్ తేదీ ఎప్పుడు? బ్యాచ్ నంబరు ఎంత? సరుకు సిద్ధంగా ఉంటే ఇవి క్షణంలో వస్తాయి. లేకపోతే జవాబు ఆలస్యమవుతుంది, లేదా మరో సంగతి మీదికి మళ్లుతుంది. అదే మీ జవాబు.

ప్రతి సాకునూ మర్యాదపూర్వక తిరస్కారంగా లెక్కేయడం కూడా ప్రమాదమే. ‘పర్యావరణ తనిఖీల వల్ల ఉత్పత్తి ఆగింది’ అన్న మాటే తీసుకోండి. 2019 మార్చి 21న జియాంగ్సూ రాష్ట్రంలోని షియాంగ్‌షుయ్‌లో ఒక రసాయన కర్మాగారం పేలి 78 మంది చనిపోయారు. ఆ పారిశ్రామికవాడనే మూసేయాలని అక్కడి అధికారులు నిర్ణయించారు. చాలాచోట్ల తనిఖీలు ముమ్మరమయ్యాయి. అంటే ఈ కారణం అక్షరాలా నిజం కావచ్చు. నిజమైతే సరఫరాదారే గోదాములో ఎంత మిగిలిందో, మీకు ఎంత ఆపి ఉంచగలడో చెబుతాడు, అదే వాడలోని మరో కంపెనీ కూడా అదే మాట చెబుతుంది. నిల్వ ఎంతని అడిగితే మాట దాటేస్తే, సరుకు ఎక్కువ ధరకు ఇంకెవరికో పోతూ ఉండవచ్చు.

మౌనం సంగతీ అంతే. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి కార్మికులు ముందుగానే ఊళ్లకు బయల్దేరుతారు. చాలా ఫ్యాక్టరీలు మళ్లీ పూర్తిగా నడిచేది పదిహేనో రోజు వచ్చే దీపాల పండుగ దాటాకే. అక్టోబరు మొదటి వారమూ సెలవులే. ఆ రోజుల్లో జవాబు రాకపోతే దాని వెనక ఏ అర్థమూ వెతకనక్కర లేదు. అందరూ ఒకేలా రాస్తారని కూడా కాదు. విదేశీ కంపెనీలతో ఏళ్లుగా పనిచేసినవాళ్లలో ఉన్నదున్నట్టు రాసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక సరఫరాదారు పాత మెయిళ్లు నాలుగైదు తిరగేసి, ఆయన ఏం రాసినప్పుడు తర్వాత ఏం జరిగిందో చూస్తే, ఏ పుస్తకం చెప్పనిది తెలుస్తుంది.

మనం కాదనవలసి వచ్చినప్పుడు ఈ మర్యాద ఎంతవరకు పాటించాలి? పంపిన బ్యాచ్‌లో ఒక మలినం 0.19 శాతం ఉంది, మన పరిమితి 0.15. ‘ఈసారికి సర్దుకోండి’ అని సరఫరాదారు కోరాడు. ‘మీ సరుకు నాసిరకం, తిప్పి పంపుతున్నాం’ అని పదిమందికి సీసీ పెడితే ఆ సంబంధం అక్కడితో సరి. అలాగని ‘కొంచెం కష్టంగా ఉంది’ అని మెత్తగా రాయడం అంతకన్నా చేటు. నాణ్యత విషయంలో దాన్ని ఆయన బేరానికి పిలుపుగా తీసుకోవచ్చు. ముందు ఆ ఒక్క మనిషికి ఫోన్ చేసి చెప్పాలి. తర్వాత రికార్డు కోసం మెయిల్ రాయాలి: “ఈ పరిమితి ఔషధ నియంత్రణ సంస్థలకు మేం సమర్పించిన పత్రాల్లో ఉన్నది. దాన్ని మార్చే వీలు మాకు లేదు. బ్యాచ్ నంబరు ఇది, మా ల్యాబ్ ఫలితం 0.19. మళ్లీ శుద్ధి చేయిస్తారా, బదులు బ్యాచ్ పంపుతారా, 15వ తేదీలోగా తెలియజేయండి.” నింద మనుషుల మీద పడకుండా నిబంధన మీదికి పోయింది, పైగా ఆ కారణం పచ్చి నిజం. బ్యాచ్ నంబరునూ అంకెనూ తేదీనీ మాత్రం మెత్తబరచకూడదు.