క్యాను నేల వదిలేలోపు

ఒక యానిమేషన్ పాత్ర 20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఎత్తాలి. ఊహ మీద ఆధారపడి గీస్తే వంగడం, పట్టుకోవడం, లేపడం అంతే ఉంటుంది. తెర మీద అది ఖాళీ క్యానులా కనిపిస్తుంది. అందుకే చాలామంది యానిమేటర్లు ముందు ఆ సీనును తామే నటించి ఫోన్‌లో తీసుకుంటారు. ఇదే రిఫరెన్స్ వీడియో. పద్ధతి పాతదే. 1937లో విడుదలైన డిస్నీ ‘స్నో వైట్’ కోసం మార్జ్ బెల్చర్ అనే డాన్సర్‌తో సన్నివేశాలు నటింపజేసి, ఆ ఫిల్మును చూస్తూ యానిమేటర్లు బొమ్మలు గీశారు.

ఫోన్‌ను స్టాండుకు బిగించి, సీనులో కెమెరా ఎటునుంచి చూస్తుందో అటే పెట్టాలి. పాదాలు తప్పకుండా కనిపించాలి, ఎందుకంటే బరువు ఏ కాలి మీదకు మారిందో చెప్పేవి అవే. క్యాను నిజంగా నిండుగా ఉండాలి. ఖాళీ క్యానుతో నటిస్తే ముఖం కష్టపడుతుంది గానీ నడుము కష్టపడదు.

ఆ తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూడాలి. అసలు పాఠం ఇక్కడే దొరుకుతుంది. ముందు కళ్లు క్యాను వైపు తిరుగుతాయి, తర్వాత తల, ఆ తర్వాతే ఒళ్లు కదులుతుంది. మోకాళ్లు వంగుతాయి, ఒక చెయ్యి క్యాను మెడ పట్టుకుంటుంది. అప్పుడు మోచెయ్యి నిటారుగా సాగుతుంది, భుజం కిందికి గుంజుకుపోతుంది. క్యాను మాత్రం ఇంకా నేల మీదే ఉంటుంది. ఇది ఆరేడు ఫ్రేములు, అంటే సెకనులో పావు వంతు పట్టిందనుకుందాం. చూసేవాళ్లకు బరువు తెలిసేది ఆ కాసేపట్లోనే. ఊహతో గీసినప్పుడు ఎగిరిపోయేదీ అదే. క్యాను లేవగానే నడుము వెనక్కి వాలుతుంది, లేకపోతే మనిషి ముందుకు తూలిపోతాడు.

ఇలా మలుపు తిరిగిన ప్రతి భంగిమనూ పుల్లల బొమ్మగా గీసి, పక్కన ఫ్రేము నంబరు రాసుకుంటారు. ఇక్కడ లెక్క తప్పే ప్రమాదం ఉంది. ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, సినిమా యానిమేషన్ 24 ఫ్రేముల్లో నడుస్తుంది. ఫోన్ నంబర్లనే ఎక్కించేస్తే సెకను పని సెకనుంపావుకు సాగుతుంది. పాత్ర నీళ్లలో కదులుతున్నట్టు మందంగా అనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. వీడియోను ముందే 24కు మార్చుకుంటే ఈ చిక్కు రాదు.

ఇక వీడియోను ఉన్నదున్నట్టు దించకూడదని నా గట్టి అభిప్రాయం. మనిషి ఒంట్లో అనవసరపు కదలికలు బోలెడు ఉంటాయి, చొక్కా సర్దుకోవడం, రెండు అడుగులు ఎక్కువ వేయడం లాంటివి. వాటిని తీసేసి, భుజం వాలడాన్నీ నడుము వంపునూ వీడియోలో ఉన్నదానికంటే కాస్త పెంచి గీయాలి. క్యాను కదలకుండా ఉన్న ఆ ఆరు ఫ్రేములను తొమ్మిది చేసినా ఫరవాలేదు. పొట్టి కాళ్లు, పెద్ద తల ఉన్న పాత్రయితే మన భంగిమలు దానికి అసలు అతకవు. అప్పుడు వీడియో నుంచి వరసను, టైమింగును తీసుకుని, భంగిమను ఆ ఒంటికి తగ్గట్టు కొత్తగా వెతుక్కోవాలి.