వంద కిలోల పండు, ఇరవై కిలోల గింజ: కాఫీ లెక్కను కదిలే బొమ్మగా చెప్పడం

పాడేరు నుండి అరకు వెళ్లే దారిలోని హుకుంపేట మండలంలో అరబికా కాఫీ పండించే రైతుకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. పండును పండుగానే అమ్మాలా, లేక పల్పర్‌లో తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్మాలా? దీనికి కావలసిన దత్తాంశం కొద్దిపాటిదే. సుమారుగా 100 కిలోల పండు నుండి 20 కిలోల ఎండు పార్చ్‌మెంట్, దాని పొట్టు తీస్తే 16 కిలోల శుద్ధ గింజ వస్తాయి. పండు నాణ్యతను బట్టి ఇవి కొంత అటూ ఇటూ అవుతాయి. ఇంత చిన్న లెక్కనూ ఒకే పటంలో పోస్తే చూపరి తప్పుదారి పట్టగలడు.

సాధారణంగా జరిగే పొరపాటు కిలో ధరలను పక్కపక్కన పట్టీలుగా నిలపడం. ఉదాహరణకు పండు కిలో 40 రూపాయలు, పార్చ్‌మెంట్ కిలో 230 రూపాయలు అనుకుందాం. తెరపై రెండో పట్టీ మొదటిదానికి దాదాపు ఆరు రెట్లుంటుంది. పార్చ్‌మెంట్ చేస్తే ఆరింతల రాబడి అని రైతు భావిస్తే తప్పు అతనిది కాదు. నిజానికి 100 కిలోల పండుకు 4,000 రూపాయలు, దాని నుండి వచ్చే 20 కిలోల పార్చ్‌మెంట్‌కు 4,600 రూపాయలు వస్తాయి. కడగడం, ఎండబెట్టడం, రాత్రి కప్పి కాపాడడం, ఈ కూలి అంతా ఆ 600 రూపాయల్లోనే గిట్టాలి. కాబట్టి వీడియో చెప్పవలసిన భావం ఒక్కటే: బరువు అయిదో వంతు అవుతుంది, అందుచేత ధరను కిలోతో కాక మొదటి పండ్ల రాశితో పోల్చాలి.

మొదటి దృశ్యంలో 20 కిలోల గంపలు అయిదు మాత్రమే కనిపించాలి. ధర, సంవత్సరం, మరే పట్టీ ఉండరాదు. రెండో దృశ్యంలో బరువు తగ్గుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. నాలుగు గంపలు హఠాత్తుగా మాయమైతే, కాటా దగ్గర మోసపోయిన అనుభవమున్నవారికి మొదట తోచేది అదే మోసం. అందుచేత పోయిన బరువు ఎక్కడికి పోయిందో విడివిడిగా చూపాలి: ముందు ఎర్రని తొక్క, తరువాత పులిసి కడుగులో పోయే జిగురు, చివరకు ఎండలో ఆరే నీరు. తేమ 10 నుండి 11 శాతానికి దిగేవరకూ ఆరుదల సాగుతుంది. ఒక్కొక్కటి తొలగడానికి ఒక సెకను, ఆ తరువాత రెండు మూడు సెకన్ల విరామం చాలు. బొమ్మ ఆగిన తరువాతే కథకుడు అంకె పలకాలి. కదలికను, అంకెను ఏకకాలంలో అందిస్తే చూపరి రెండింటిలో ఒకదాన్ని వదులుకుంటాడు.

గంప బొమ్మనే చిన్నదిగా కుదించడం మరో పొరపాటు. ఎత్తు, వెడల్పు రెండూ అయిదో వంతు చేస్తే బొమ్మ వైశాల్యం ఇరవై అయిదో వంతవుతుంది. కన్ను వైశాల్యాన్నే చూస్తుంది కనుక 20 కిలోలు 4 కిలోలుగా తోస్తాయి. ఒకే పరిమాణం గల గంపలను సంఖ్యలో తగ్గించడమే సరైన మార్గం.

మూడో దృశ్యంలో కిలోలు రూపాయలుగా మారతాయి. కొలమానం మారడం, పట్టీలు మారడం ఒకేసారి జరగరాదు. జెఫ్రీ హీర్, జార్జ్ రాబర్ట్‌సన్ 2007లో గణాంక పటాల కదలికపై చేసిన అధ్యయనం కూడా మార్పును ఇలా అంచెలుగా చూపే పద్ధతిని పరిశీలించింది. ముందు కిలోల గీత మసకబారి పోవాలి, తరువాత రూపాయల గీత రావాలి, ఆపైననే 4,000 పట్టీ, దాని పక్కన 4,600 పట్టీ లేవాలి. రెండూ సున్నా నుండే మొదలు కావాలి. గీతను 3,500 దగ్గర ప్రారంభిస్తే 500, 1,100 పట్టీలు కనిపించి, తేడా రెండింతలకు పైగా ఉందని భ్రమ కలుగుతుంది. శుద్ధ గింజ 16 కిలోల సంగతి ఈ వీడియోలో వద్దు. అది పొట్టు మిల్లు లెక్క, వేరొక వీడియోకు చెందుతుంది. విస్తరణ శాస్త్రవేత్తకు కష్టమైన పని తనకు తెలిసినదాన్ని ఇలా పక్కన పెట్టడమే.

కదలికకు హద్దు ఉన్నది. రాబర్ట్‌సన్ బృందమే 2008లో ప్రకటించిన మరో పరిశోధనలో, దత్తాంశాన్ని విశ్లేషించవలసి వచ్చినప్పుడు కదిలే పటం కంటే నిశ్చలమైన చిన్న పటాల వరుసే ఎక్కువ నిర్దుష్టమైన సమాధానాలకు దారి తీసింది. చూసేవారికి మాత్రం కదిలేదే ఇష్టమైంది. కనుక చివరి చట్రంలో అయిదు గంపలు, ఒక గంప, రెండు రూపాయల పట్టీలు ఎడమ నుండి కుడికి కదలక నిలవాలి. అదే బొమ్మను కాగితంపై అచ్చువేసి పంచితే రైతు ఇంటి దగ్గర తీరికగా లెక్క చూసుకుంటాడు.

పాడేరు ఏజెన్సీలో తెలుగుతోపాటు కువి, ఆదివాసీ ఒడియా మాటలాడే కుటుంబాలున్నాయి. తెరపై వాక్యాలు తగ్గించి, కంఠస్వరాన్ని వేరే పొరగా ఉంచితే బొమ్మను ముట్టుకోకుండానే భాష మార్చవచ్చు. అయితే ఒక్కో భాషలో వాక్యం నిడివి వేరు. అతి పొడవైన కంఠస్వరానికి సరిపడే విరామాలు ముందే ఉంచుకోవాలి.

ప్రదర్శన తరువాత “అర్థమైందా?” అని అడిగితే అందరూ తలలూపుతారు. “పది గంపలు తెస్తే ఎన్ని గంపల పార్చ్‌మెంట్?” అని అడగాలి. రెండు అన్న జవాబు వస్తే రెండో దృశ్యం పనిచేసినట్లు. “పండు 50 రూపాయలైతే పార్చ్‌మెంట్ కనీసం ఎంత పలకాలి?” అన్నది తరువాతి ప్రశ్న. 250, దానిపైన కూలి, అని చెప్పలేకపోతే లోపం మూడో దృశ్యంలో ఉంది. దాన్ని మాత్రమే మళ్లీ తీయాలి.