తెరిచినవారి లెక్క, జవాబిచ్చినవారి లెక్క

మంగళగిరి చీరలు అమ్మే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. బెంగళూరు, ముంబయి, పుణెల్లోని 200 బొటిక్‌లకు తొలిసారి ఈమెయిల్ పంపాలి. రాసిన ఉత్తరం ఒకటే, చివరి వాక్యం మాత్రం రెండు రకాలు. ఒకదాంట్లో ‘మా కేటలాగ్ చూడండి’ అని ఉంటుంది. రెండోదాంట్లో ‘ఒక నమూనా చీర పంపమంటారా?’ అని ఉంటుంది. సగంమందికి మొదటిది, మిగతా సగానికి రెండోది పంపి, దేనికి ఎక్కువ జవాబులొస్తాయో చూడటమే స్ప్లిట్ టెస్ట్.

చాలా పరీక్షలు ఆ సగాలు విడదీసే చోటే చెడిపోతాయి. జాబితాలో పై వందమంది ఎగ్జిబిషన్‌లో కలిసినవాళ్లు, కింది వందమంది నెట్‌లో వెతికి పట్టినవాళ్లు అయితే, పైవాళ్ల నుంచి ఎక్కువ జవాబులు రావడానికి కారణం వాక్యం కాదు, పరిచయం. అందుకే స్ప్రెడ్‌షీట్‌లో పేర్ల పక్కన ఒక ఖాళీ వరుస తీసుకుని, ప్రతి పేరుకీ ఈ సూత్రం వేయాలి:

```
=RAND()
```

వచ్చిన అంకెల ప్రకారం జాబితాను సర్ది, పై సగాన్ని ఒక జట్టుగా, కింది సగాన్ని ఇంకో జట్టుగా తీసుకోవాలి. ఒకే దుకాణానికి రెండు ఈమెయిల్ చిరునామాలుంటే ఒకటే ఉంచుకోవాలి. లేదంటే ఒకే యజమాని చేతికి రెండు ఉత్తరాలూ చేరతాయి. రెండు జట్లకూ ఒకే రోజు, ఒకే వేళకు పంపాలి. ఫలితం ఏ రోజున లెక్కపెడతామో కూడా ముందే రాసిపెట్టుకోవాలి. రోజూ చూస్తూ, మనకు నచ్చింది ముందుకెళ్లిన రోజున ఆపేస్తే అది పరీక్షే కాదు.

పది రోజుల తర్వాత లెక్క ఇలా తేలిందనుకుందాం. మొదటిదాన్ని తెరిచినవాళ్లు 52 మంది, జవాబిచ్చినవాళ్లు 4. రెండోదాన్ని తెరిచినవాళ్లు 61 మంది, జవాబిచ్చినవాళ్లు 8.

ముందు 52, 61 సంగతి. ఉత్తరంలో కంటికి కనిపించనంత చిన్న బొమ్మను దాచిపెడతారు. అవతలి యంత్రం ఆ బొమ్మను సర్వర్ నుంచి తెచ్చుకుంటే ‘తెరిచారు’ అని నమోదవుతుంది. మనిషి చదివాడా లేదా అన్నది దానికి తెలియదు. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో యాపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్‌ను ఎంచుకున్నవాళ్ల విషయంలో, ఉత్తరం తెరవకపోయినా యాపిల్ సర్వర్లే ఆ బొమ్మను ముందుగా తెచ్చుకోగలవు. కొన్ని ఆఫీసుల్లో భద్రతా సాఫ్ట్‌వేర్ కూడా ఇదే పని చేస్తుంది. బొమ్మలు రాకుండా ఆపుకున్నవాళ్లు శ్రద్ధగా చదివినా లెక్కలోకి రారు.

మన పరీక్షలోనే దీనికి ఒక రుజువుంది. రెండు ఉత్తరాల సబ్జెక్టూ ఒకటే, మొదటి పంక్తీ ఒకటే. తెరవక ముందు చివరి వాక్యం ఎవరికీ కనిపించదు. అయినా తొమ్మిదిమంది తేడా వచ్చింది. అంటే మన మార్పుతో ఏ సంబంధమూ లేకుండానే ఈ అంకె ఇంతగా ఊగుతుంది. తెరిచినవారి లెక్కను ఒక్క పనికి నమ్మవచ్చు: రెండు జట్లలోనూ అది ఒక్కసారిగా పడిపోతే, ఉత్తరాలు స్పామ్‌లోకి పోతున్నాయేమో చూసుకోవాలి.

ఇక 4, 8. ‘రెట్టింపు జవాబులు’ అనిపిస్తుంది. కానీ మొత్తం వచ్చినవి 12 జవాబులే. నాణేన్ని 12 సార్లు ఎగరేస్తే, ఏదో ఒక వైపు 8 లేక అంతకన్నా ఎక్కువ పడటం వందకు దాదాపు 39 సార్లు జరుగుతుంది. రెండు వాక్యాలకూ సమానమైన బలం ఉన్నా, కేవలం యాదృచ్ఛికంగానే ఇంత తేడా తరచూ కనిపిస్తుందన్నమాట.

జట్లు సమానంగా ఉండి, జవాబులు కొద్దిగానే వస్తున్నప్పుడు ఒక సులువైన కొలత ఉంది. రెండువైపుల జవాబులూ కూడి, ఆ మొత్తానికి వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. తేడా అంతకు మించితేనే పట్టించుకోవాలి. 12కి వర్గమూలం సుమారు 3.5, రెట్టింపు 7. మన తేడా 4, కాబట్టి చాలదు. అదే జట్టుకు 400 మంది చొప్పున పంపి 16, 32 జవాబులు వచ్చి ఉంటే? మొత్తం 48, వర్గమూలం దాదాపు 7, రెట్టింపు 14. తేడా 16 కాబట్టి నమ్మవచ్చు. శాతాలు మాత్రం రెండు సందర్భాల్లోనూ అవే 4, 8.

లెక్క కట్టేముందు జవాబులు తెరిచి చదవాలి. ఆ 8లో ఒకటి ‘సెలవులో ఉన్నాను’ అనే యాంత్రిక జవాబు, మూడు ‘ఇకపై పంపవద్దు’ అన్నవి కావచ్చు. ఇటు 4లో మూడు ధర అడిగినవి కావచ్చు. అప్పుడు పనికొచ్చే జవాబులు 4కి 3. ఏది పనికొచ్చే జవాబో పంపకముందే నిర్ణయించుకోవాలి. ఏ జవాబు ఏ ఉత్తరానికి వచ్చిందో తెలియని వ్యక్తి చేత విడదీయిస్తే ఇంకా మంచిది.

అన్ని వందల చిరునామాలు లేని సంస్థ చివరి వాక్యంలాంటి చిన్న మార్పులను పరీక్షించి లాభం లేదు. అలాంటివాళ్లు పెద్ద తేడా వచ్చే అవకాశం ఉన్నవాటినే పోల్చాలి: చీరలు కొనమని అడగడం ఒకవైపు, అమ్ముడుపోయాకే డబ్బివ్వమనడం మరోవైపు.