ఆరో ప్రయత్నం

2016లో బెంగళూరు యువకుడు ఆనంద్ ప్రకాశ్ ఫేస్‌బుక్‌లో ఒక లోపాన్ని పట్టుకున్నారు. పాస్‌వర్డ్ మరిచిపోయామంటే ఫేస్‌బుక్ అప్పట్లో ఆరంకెల కోడ్ పంపేది. అసలు సైటులో ఆ కోడ్‌ను పదీ పన్నెండుసార్లు తప్పుగా కొడితే ఇక తీసుకునేది కాదు. కానీ పరీక్షల కోసం నడిపే `beta.facebook.com`లో అప్పుడు ఆ అడ్డు ఉండేది కాదు. వీధి తలుపుకు గడియ పెట్టి పెరటి తలుపు మరిచిపోయినట్టు! అక్కడ వరసగా కొట్టుకుంటూ పోతే కోడ్ దొరికిపోతుందని ఆయన తన సొంత ఖాతా మీదే నిరూపించారు. ఫేస్‌బుక్ లోపాన్ని సరిచేసి, ఆయనకు 15,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

అంత పెద్ద సంస్థకే జరిగింది కనుక చిన్న సర్వర్ల సంగతి చూద్దాం. ఒక ట్యూషన్ సెంటర్‌కు హాజరు యాప్ ఉందనుకోండి. 600 మంది పిల్లలు. తల్లిదండ్రులు ఫోన్ నంబరు, నాలుగంకెల పిన్ కొడితే యాప్ వాటిని సర్వర్‌లోని `/login`కు పంపుతుంది. నాలుగంకెల పిన్‌లు మొత్తం పదివేలే. సెకనుకు 50 చొప్పున ప్రయత్నించే చిన్న ప్రోగ్రామ్‌కు అవన్నీ చూడటానికి 200 సెకన్లు చాలు. మనం టీ తాగేలోపు పని అయిపోతుంది.

అందుకే ప్రయత్నాలు లెక్కపెట్టాలి. ఒక ఖాతాకు 15 నిమిషాల్లో అయిదే అవకాశాలని పెడితే రోజుకు 480 ప్రయత్నాలే సాగుతాయి. అప్పుడు పదివేల పిన్‌లు చూడటానికి దాదాపు 21 రోజులు పడుతుంది. మూడు నిమిషాలతో పోలిస్తే ఎంతో మేలే, కానీ ఓపికున్న దొంగకు మూడు వారాలు ఎక్కువేమీ కాదు. అదే ఆరంకెల పిన్ అయితే అయిదున్నరేళ్లు దాటుతుంది. లెక్కపెట్టడం, పిన్ పొడవు పెంచడం జోడెడ్ల లాంటివి. ఒక్కటే బండి లాగలేదు.

ఖాతాను మాత్రమే లెక్కిస్తే ఇంకో దారి తెరిచే ఉంటుంది. దొంగ ఒకే ఖాతా మీద పడకుండా, 600 ఖాతాల్లోనూ తలా ఒకసారి 1234 కొట్టి చూస్తాడు. ఏ ఖాతా లెక్కలోనూ ఒకటికి మించి ప్రయత్నం కనిపించదు. అందుకని ప్రయత్నం వచ్చిన ఐపీ అడ్రస్‌కు కూడా విడిగా లెక్క ఉండాలి. దాని హద్దు మాత్రం వదులుగా ఉండాలి. ఒకే హాస్టల్ వైఫై మీద, ఒకే మొబైల్ నెట్‌వర్క్ మీద ఉన్న ఎంతోమంది బయటికి ఒకే ఐపీగా కనిపిస్తారు. ఖాతాకు అయిదు పెడితే, ఇలాంటి చిన్న యాప్‌లో ఐపీకి 50 తప్పులతో మొదలుపెట్టి, వాడకాన్ని చూసి సవరించుకోవచ్చు. దొంగ వందల ఐపీల నుంచి వస్తే ఈ లెక్క కూడా చాలదు. అందుకే 1234, 0000 లాంటి పిన్‌లను పెట్టుకునేటప్పుడే తిరస్కరించాలి.

ఎక్కువమంది పొరపడేది లెక్క వేసే సమయం దగ్గర. పిన్ తప్పని తేలాక లెక్క పెంచితే, ఒకే క్షణంలో వచ్చిన వంద ప్రయత్నాలకూ లెక్క ఇంకా సున్నాగానే కనిపించి, వందా లోపలికి వెళ్లిపోతాయి. కాబట్టి ముందు లెక్క పెంచాలి, తర్వాతే పిన్ చూడాలి. రెడిస్ వాడేవారికి ఇది నాలుగు వరసల పని:

```
MULTI
SET login:acct:1042 0 EX 900 NX
INCR login:acct:1042
EXEC
```

`INCR` ఇచ్చిన అంకె అయిదు దాటితే పిన్ వైపు చూడకుండానే 429 జవాబు పంపాలి. ఎంతసేపు ఆగాలో `Retry-After`లో చెప్పాలి. 900 సెకన్లు గడిచాక లెక్క దానంతటదే చెరిగిపోతుంది. ఖాతాను శాశ్వతంగా మూసేస్తే గిట్టనివాళ్లెవరైనా అయిదు తప్పులు కొట్టి అసలు మనిషిని బయట నిలబెట్టగలరు. పిన్ సరిపోతే ఆ ఖాతా లెక్క చెరిపేయొచ్చు. ఐపీ లెక్కలో మాత్రం ఆ ఒక్క ప్రయత్నాన్నే తగ్గించాలి. మొత్తం చెరిపేస్తే దొంగ మధ్యమధ్యలో తన సొంత ఖాతాలోకి లాగిన్ అవుతూ లెక్కను సున్నా చేసుకుంటాడు.

సర్వర్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీ ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ప్రాక్సీ సంగతి పట్టించుకోకపోతే అందరూ `127.0.0.1` నుంచి వచ్చినట్టే కనిపించి, ఒకరి తప్పుకు అందరూ ఆగిపోతారు. అలాగని `X-Forwarded-For`లో ఏది రాసి ఉంటే అది నమ్మితే, దొంగ ప్రతిసారీ కొత్త ఐపీ రాసి పంపుతాడు. మన ప్రాక్సీ స్వయంగా చేర్చిన అడ్రస్‌నే తీసుకోవాలి.

అన్నీ అమర్చాక ఒక పరీక్ష చేయండి. మీ సొంత ఖాతాలో అయిదుసార్లు తప్పు పిన్ కొట్టి, ఆరోసారి సరైనది కొట్టండి. లోపలికి రానిస్తే మీ అడ్డు పనిచేయడం లేదన్నమాట. పిన్ మార్చే దారిలోనూ, పరీక్షల సర్వర్‌లోనూ ఇదే చేసి చూడండి. ప్రతి తలుపు దగ్గరా ఆరో ప్రయత్నానికి 429 వచ్చాకే యాప్‌ను జనం చేతికివ్వండి.