పిల్లి గుండెలో మర్మర్ వినిపిస్తే

టీకా కోసం తీసుకెళ్లిన పిల్లికి డాక్టరు స్టెతస్కోపు పెట్టి, ‘మర్మర్ ఉంది’ అన్నారనుకోండి. గుండెలో రక్తం ఎక్కడో సుడులు తిరుగుతోందని మాత్రమే దానర్థం. భయంతో గుండె వేగం పెరిగినా ఆ చప్పుడు వస్తుంది. జబ్బున్న పిల్లికి అసలు వినిపించకనూ పోవచ్చు. తేల్చేది ఎకో పరీక్షే.

తొమ్మిదేళ్ల పిల్లికి ఎకోలో ఎడమ జఠరిక గోడ 7 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 6 దాటితే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిని, అంటే గుండె కండరం మందమయ్యే జబ్బును, అనుమానిస్తారు. బీపీ, థైరాయిడ్ కూడా గోడను మందం చేస్తాయి కాబట్టి ముందు వాటిని పరీక్షించాలి.

నన్నడిగితే, రిపోర్టులో గోడకన్నా ముందు ఎడమ కర్ణిక సైజు చూడాలి. అది ఉబ్బితే లోపల రక్తం మందగిస్తుంది. ఎకో తెరమీద పొగలా తిరుగుతూ కనిపిస్తుంది. అక్కడే గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి, బృహద్ధమని వెనక కాళ్లకు చీలేచోట ఇరుక్కుంటుంది. పిల్లి ఒక్కసారిగా అరుస్తుంది, కాళ్లు ఈడుస్తుంది. పాదాలు చల్లబడి పాలిపోతాయి. గోడమీంచి పడిందేమో అనుకుని చాలామంది ఆలస్యం చేస్తారు.

కర్ణిక ఉబ్బిన పిల్లులకు ముందుజాగ్రత్తగా డాక్టర్లు క్లోపిడోగ్రెల్ ఇస్తారు. అది ముప్పును తగ్గిస్తుందే గానీ పూర్తిగా తీసెయ్యదు. కాళ్లు పడిపోతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. నొప్పికని ఇంట్లో పారాసెటమాల్ మాత్రం వెయ్యకండి, పిల్లులకది విషం.